పెద్దమ్మకు: జర్మనీ వీసా ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో

పెద్దమ్మా, జర్మనీలో అక్క దగ్గరికి వెళ్లడానికి వీసా ఫారం అంటూ నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. రెండోదాంట్లో నీ బొటనవేలు 14, 15 గళ్ల మీద పడింది. అయినా ఫర్వాలేదు, షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, ఆ వీసా ఫారం అన్ని దేశాలకూ ఒకటే, గళ్ల నంబర్లూ అవే. అందుకే ఆ నంబర్ల వరసలోనే రాస్తున్నాను. పక్కన పెట్టుకుని పెన్సిల్‌తో నింపు. తర్వాత ఆన్‌లైన్‌లో నేనే ఎక్కిస్తాను. ఇంగ్లిష్‌లో, అన్నీ పెద్దక్షరాల్లోనే రాయి. పైన జర్మన్‌లో, దాని కింద ఇంగ్లిష్‌లో ఉన్నది ఒకే ప్రశ్న. రెండుసార్లు జవాబు రాయక్కర్లేదు.

ముందుగా పాస్‌పోర్టు తెరిచి ఎదురుగా పెట్టుకో. మొదటి పేజీ అంతా దాంట్లోంచి చూసి రాయడమే.

1వ గడిలో జర్మన్‌లో ‘నామె’ అని ఉంది. చూడగానే పేరు రాయబుద్ధేస్తుంది, కానీ అడిగేది ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అన్నచోట పెదనాన్న వాళ్ల ఇంటిపేరు ఉంది కదా, అదే రాయి. స్కూల్లో సంతకం పెట్టేటప్పటిలా ఒక్క అక్షరంతో సరిపెట్టొద్దు, పూర్తిగా రాయాలి. 2వ గడిలో పుట్టినప్పటి ఇంటిపేరు, అంటే తాతయ్య వాళ్లది. 3లో నీ పేరు మాత్రమే.

4 పుట్టిన తేదీ. రోజు, నెల, సంవత్సరం, మనం రాసే వరసే. నువ్వు శ్రావణమాసంలో పుట్టావని అమ్మమ్మ చెప్పేది. కానీ బడిలో వేసిన తేదీ 01-07-1961, పాస్‌పోర్టులోనూ అదే. ఇక్కడా అదే రాయాలి. 5 పుట్టిన ఊరు. కోదాడ ఇప్పుడు సూర్యాపేట జిల్లా అని దిద్దకు. పాస్‌పోర్టులో ‘కోదాడ, నల్గొండ’ అని ఉంటే అట్లాగే దించెయ్. 6 పుట్టిన దేశం, 7 పౌరసత్వం, రెండూ ఇండియానే. 7లో ‘పుట్టినప్పటి పౌరసత్వం వేరైతే’ అన్న లైను నీకు వర్తించదు. 8లో స్త్రీ దగ్గర టిక్కు.

9 పెళ్లికి సంబంధించింది. ఇంగ్లిష్‌లో విడో అనీ, జర్మన్‌లో ‘ఫెర్‌విట్‌వెట్’ అనీ ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. మ్యారీడ్ అని పెడితే పెదనాన్న వివరాలు అడుగుతారు. వీసా ఆఫీసుకు పట్టుకెళ్లే కాగితాల్లో డెత్ సర్టిఫికెట్ కూడా ఉండనీ.

10 చిన్నపిల్లలకు, వదిలేయ్. 11 జాతీయ గుర్తింపు నంబరు, ఉంటేనే రాయమన్నారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు కాబట్టి నేనైతే ఖాళీగా ఉంచుతాను. 12లో ఆర్డినరీ పాస్‌పోర్టు, 13లో దాని నంబరు. నంబరు ముందుండే ఇంగ్లిష్ అక్షరం మర్చిపోకు, సున్నాను ‘ఓ’ లాగా రాయకు. నీ వేలి కింద దాక్కున్నవి ఇవీ: 14 ఇచ్చిన తేదీ, 15 ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ. నీది 2018లో తీసుకున్నది, 2028 దాకా ఉంది. తిరిగొచ్చాక ఇంకా మూణ్ణెల్లు మిగలాలని రూలు, దానికి ఢోకా లేదు. 16 ఇచ్చిన దేశం, ఇండియా అంటే చాలు. పాస్‌పోర్టు ఆఫీసు ఉన్న ఊరు అక్కర్లేదు.

ఇక 17, 18 దగ్గర జాగ్రత్త. కుటుంబసభ్యుల వివరాలు అని కనిపించగానే అక్క పేరు రాసేస్తావని నా భయం. ఆ రెండూ యూరప్ పౌరసత్వం ఉన్నవాళ్ల బంధువులకు. అక్కా బావా అక్కడ ఉద్యోగం చేస్తున్నా, వాళ్ల పాస్‌పోర్టులు ఇండియావే. అక్కడ ఉద్యోగం చేస్తూ ఉండటానికి ఇచ్చే బ్లూ కార్డు ఉన్నంతమాత్రాన జర్మన్ పౌరులు కారు. కాబట్టి ఆ రెండూ పూర్తిగా ఖాళీ. అక్క వివరాలకు 30వ గడి ఉంది.

19 నీ ఇంటి చిరునామా, ఫోను, ఈమెయిలు. ఈమెయిలు నాదే పెట్టు, నీ ఇన్‌బాక్సు నువ్వు తెరవవు. 20లో ‘నో’. వేరే దేశంలో నివాసముంటున్నావా అని అడుగుతున్నారు, సొంతిల్లు ఉందా అని కాదు. 21 వృత్తి: రిటైర్డ్ టీచర్. హౌస్‌వైఫ్ అని రాయకు. నీకు పెన్షన్ వస్తోంది, తిరిగొచ్చేస్తావని నమ్మడానికి అది పనికొస్తుంది. 22 పనిచేసే చోటు వివరాలు, ఇప్పుడు ఎక్కడా చెయ్యట్లేదు గనక ఖాళీ.

23 ప్రయాణం ఎందుకు? బంధుమిత్రులను చూడటానికి అన్న గడిలో ఒక్క టిక్కు. టూరిజం దగ్గర కూడా పెట్టకు. 24లో ఇంకాస్త వివరం: మా అమ్మాయికి పురుడు, ఆమెతో కొన్నాళ్లు ఉండటానికి వెళ్తున్నాను అని ఒక ముక్క రాయి, ఉన్న మాటే. పిల్లను పెంచడానికి, ఇంటి పని చూడటానికి అని మాత్రం రాయొద్దు. అక్కడ పనికి వెళ్తున్నావేమో అనుకునే వీలు ఎందుకివ్వాలి?

25 ముఖ్యంగా వెళ్లే దేశం జర్మనీ. 26 మొదట అడుగుపెట్టే షెంగెన్ దేశం, అదీ జర్మనీనే. నువ్వు దోహాలో విమానం మారుతున్నావు, కానీ ఖతార్ షెంగెన్‌లో లేదు కాబట్టి లెక్కలోకి రాదు. బావ చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా టికెట్ తీస్తే మాత్రం ఇక్కడ నెదర్లాండ్స్ అని మార్చాలి. అందుకే ఈ గడి టికెట్ చూశాకే ఖాయం.

27 ఎన్నిసార్లు ప్రవేశం: సింగిల్ చాలు. కింద రెండు తేదీలు. షెంగెన్‌లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు, దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే. జులై 10న దిగితే అక్టోబర్ 7కి సరిగ్గా 90 అవుతాయి. ‘మూణ్ణెల్లు’ అని అక్టోబర్ 10 వేసుకుంటే మునుగుతాం. అక్టోబర్ 2 అని రాయి, విమానం ఆలస్యమైనా టెన్షన్ ఉండదు.

28 ఇంతకుముందు షెంగెన్ వీసాకు వేలిముద్రలు ఇచ్చావా? ఇచ్చావు, 2019లో. ‘ఎస్’ అని టిక్కు పెట్టి, ఆ తేదీ, పాత వీసా స్టిక్కర్ మీది నంబరు రాయాలి. అయిదేళ్లు దాటింది కాబట్టి మళ్లీ ఇవ్వాల్సిందే, అయినా నిజమే రాయాలి. 29 వదిలేయ్.

30లో అక్క ఇంటిపేరు, పేరు, మ్యూనిక్ అడ్రసు, ఫోను, ఈమెయిలు. అక్క కొత్త పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా, ముద్దుపేరు కాదు. 31 కంపెనీలు పిలిస్తే, మనకు కాదు. 32 ఖర్చు ఎవరిది? ‘స్పాన్సర్’ వైపు టిక్కు పెట్టి, 30వ గడిలో చెప్పిన వ్యక్తి అన్నదాన్ని ఎంచుకో. దాని కింద ‘ఖర్చులన్నీ భరిస్తారు’ అన్నదానికి కూడా టిక్కు. అక్క అక్కడి విదేశీయుల ఆఫీసులో నీ ఖర్చులకు పూచీ పడుతూ తీసుకుంటున్న పత్రం ఉంది చూడు, జర్మన్‌లో చాంతాడంత పేరు, అది ఈ గడికే రుజువు. దాని ఒరిజినల్ కొరియర్‌లో రావాలి, ఫొటో చాలదు.

33లో ఫారం నింపినవాళ్ల పేరు, అక్కడ నాది నేను వేసుకుంటాను. కుడివైపు బూడిదరంగు భాగం వాళ్ల ఆఫీసు రాసుకునేది, పెన్సిల్ కూడా తగలనివ్వకు.

ఆఖరి పేజీలో చిన్నక్షరాలతో ఉన్నదంతా షరతులు. వీసా రాకపోయినా కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరని అందులో ఉంది. ఫీజు ఇప్పుడు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. సంతకం ఇప్పుడే పెట్టకు, ప్రింటు తీశాక పెడదాం. పాస్‌పోర్టులో తెలుగులో పెట్టావు కదా, ఫారంలోనూ తెలుగులోనే పెట్టు.

నింపాక మళ్లీ ఫొటోలు తియ్యి. ఈసారి కిటికీ దగ్గర, కాగితం బల్లమీద పరిచి. వాటితోపాటు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, 2019 వీసా స్టిక్కర్ ఉన్న పేజీ కూడా ఆదివారంలోగా పంపించు.