మూడో బెంచీ

ఏడో తరగతి గదిలో మూడో బెంచీ పక్కన ఎప్పుడూ ఒక బకెట్ ఉండేది. వాన లేని రోజుల్లో పిల్లలు అందులో పెన్సిల్ చెక్కిన పొట్టు వేసేవాళ్ళు.

పరీక్షలు సోమవారం మొదలు. శుక్రవారం రాత్రి కాలం కాని కాలంలో వాన దంచికొట్టింది. శనివారం పొద్దున హెడ్మాస్టారు తలుపు తీసేసరికి బకెట్ నిండి పొర్లి, నీళ్ళు బ్లాక్‌బోర్డు దాకా పాకాయి. మీద పొట్టు తేలుతోంది.

మరమ్మతు కోసం ఆయన అప్పటికే మూడు ఉత్తరాలు రాశారు. మూడింటికీ ఒకటే జవాబు, 'పరిశీలనలో ఉంది' అని. నాలుగోది రాయబోయి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సైకిలెక్కి వడ్రంగి ఇంటికి వెళ్ళారు.

మేస్త్రీ వచ్చాడు. పైకి చూడలేదు, ముందు బకెట్ వంక చూశాడు.

"ఎన్ని పెంకులు మార్పించారు మాస్టారూ?"

"దీనికి సరిగ్గా పైనున్నవి నాలుగు. రెండుసార్లు మార్పించాను. తారు కూడా పూయించాను."

మేస్త్రీ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

"కారిన చోటే దిగాలని లేదండీ నీళ్ళు. పైన ఎక్కడో దిగి, వాసం పట్టుకుని జారి, ఏ మేకు దగ్గరో ఆగి బొట్టు కడతాయి. వాన పడేటప్పుడు ఇక్కడ కూర్చునేది ఎవరు?"

మూడో బెంచీ కుర్రాణ్ణి పిలిపించారు. వాడు బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. బెంచీ మాటిమాటికీ జరుపుతున్నాడని పోయిన నెలే హెడ్మాస్టారు వాణ్ణి పీరియడంతా నిలబెట్టారు మరి.

"ముందు ఆ గోడ మూల తడుస్తుంది సార్. తర్వాత ఆ కర్ర నల్లగా అవుతుంది. నేను వంద అంకెలు లెక్కపెట్టేలోపు ఇక్కడ చుక్క పడుతుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"మీరు అడగలేదు సార్."

మేస్త్రీ నిచ్చెన వేసి చూరెక్కాడు. బిందెతో నీళ్ళు అందుకుని, కింది వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసే పైకి పోసుకుంటూ వెళ్ళాడు. ముందే పైన పోస్తే నీళ్ళు కిందికంతా పారి, ఏ వరస తప్పో తెలియదట. లోపల హెడ్మాస్టారు మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ "లేదు… లేదు…" అంటున్నారు. ఏడో వరసకి కుర్రాడు ఆయన కంటే ముందు అరిచాడు, "ఆఁ! అదుగో!"

పెంకులు తీసి చూస్తే పైకి బాగానే కనిపిస్తున్న వాసం లోపల చెద తినేసి ఉంది. వేలితో నొక్కితే పొడి రాలింది. వాసం కుంగి, రీపర్ జారి, పై పెంకు కింది పెంకు మీద కూర్చోవడం మానేసింది. మధ్యలో వేలు పట్టేంత సందు.

"కొత్త కర్ర కావాలండి. ఇవాళంటే దొరకదు."

స్టోర్ రూంలో పాత గోల్‌పోస్టు ఉంది. మేస్త్రీ దాన్ని సుత్తితో కొట్టి విన్నాడు, చిత్రిక పట్టి చూశాడు. "పదేళ్ళు ఎండకీ వానకీ బయట నిలబడిన కర్ర, నీడపట్టున నిలబడదా?" అన్నాడు. కుర్రాడి మొహం మాడిపోయింది. ఆట మీద వాడికి ఆశ చావలేదు పాపం.

ఆదివారమంతా పని. కుంగిన వాసానికి కింద పోటు పెట్టి మెల్లగా లేపారు. చెద తిన్న మేరకు కోసేసి, మిగిలిన గట్టి కర్రకి గోల్‌పోస్టు ముక్కని జోడుగా ఆనించి బోల్టులు బిగించారు. తాడు పట్టి రీపర్లు సరిచేసి, కింది వరస నుంచి పెంకులు పరుచుకుంటూ వెళ్ళారు. పెంకులు అందించింది హెడ్మాస్టారే. రెండు పగలగొట్టారు కూడా.

రాత్రి పదింటికి మళ్ళీ వాన. గొడుగేసుకుని, టార్చిలైటు పట్టుకుని హెడ్మాస్టారు బడికి వచ్చేసరికి, చీకట్లో మూడో బెంచీ మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

"నాకూ నిద్ర పట్టలేదండీ" అన్నాడు మేస్త్రీ.

ఆయన గొడుగు మడిచి డెస్కుకి తగిలించి, పక్కన కూర్చున్నారు. పైన వాన హోరు. ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు.

టప్.

మేస్త్రీ చటుక్కున లేచాడు. టప్, టప్. వాసం తడిమితే పొడిగా ఉంది. గోడ మూలా పొడిగానే ఉంది. హెడ్మాస్టారి గుండె జారిపోయింది. తెల్లారితే పరీక్ష. టార్చిలైటు అటూ ఇటూ తిప్పి, చివరికి వెలుగు కిందికి వేశారు.

గొడుగు కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఈసారి మేస్త్రీ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. హెడ్మాస్టారు గొడుగు తీసి అరుగు మీద పెట్టి వచ్చి, సుద్దముక్క తీసుకుని, మూడో బెంచీ మీద హాల్‌టికెట్ నంబరు వేయడం మొదలుపెట్టారు.