జూన్ 12 చెక్కు గురించి

సార్, నమస్తే. కావలి నుంచి, మీ ఇంటి తలుపులు చేసిన వడ్రంగిని.

మీరు గృహప్రవేశం రోజు పసుపు బొట్టు పెట్టి ఇచ్చిన చెక్కు, నంబర్ 004172, 38,500 రూపాయలది, నేను టైంకి బ్యాంకులో వేయలేకపోయాను సార్. ఆ వారంలోనే అమ్మకు తుంటి ఎముక విరిగి నెల్లూరులో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది, తర్వాత రెండు నెలలు ఆమె పక్కనే ఉండిపోయాను. చెక్కు పాస్‌బుక్‌లోనే ఉండిపోయింది. పొరపాటు నాదే.

నిన్న తీసుకెళ్తే కౌంటర్‌లో మేడం తేదీ చూసి వెనక్కిచ్చేశారు. తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుందట, అది సెప్టెంబర్‌లోనే దాటిపోయింది.

కొత్త చెక్కు రాసిస్తే మంచిది. లేదంటే ఇదే చెక్కు మీద పాత తేదీ కొట్టేసి, ఇవాళ్టి తేదీ వేసి, పక్కనే మీ పూర్తి సంతకం పెట్టినా సరిపోతుంది. తేదీ తప్ప పేరు, అంకెలు మాత్రం దిద్దకూడదు సార్, దిద్దితే తీసుకోరు. ముందు మీ బ్రాంచిలో ఒక మాట అడగండి. కొత్తది ఇస్తే పాతది మీ చేతికే ఇచ్చేస్తాను, మీరే చించేయండి, రెండుసార్లు డబ్బు పోతుందన్న టెన్షన్ మీకుండదు.

ఆదివారం పొద్దున ఒంగోలు వస్తున్నాను, తొమ్మిదికల్లా మీ ఇంటికి రానా? మీరు ఊళ్లో లేకపోతే ఏ రోజు రమ్మంటారో చెప్పండి. టేకు ఇచ్చిన అడితీ ఆయనకు ఈ నెల 15 లోపు కట్టాలి, అందుకే ఇంతగా అడుగుతున్నాను. వచ్చినప్పుడు బిగుసుకుపోయిందన్న వంటింటి తలుపు కూడా చిత్రిక పట్టి వెళ్తాను.