ఎనిమిది దాటాక బోటెక్కిన గుంటడు: ఒక డ్రాపౌట్ కేసు, రెండు థియరీలు

కేసు ఇదీ. ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు, మత్స్యకార కుటుంబం. తండ్రి ఏటా ఆగస్టులో గుజరాత్ వీరావల్ వెళ్లి బోటెక్కుతాడు, వేసవిలో వేట ఆగిపోయాకే ఇంటికొస్తాడు. కొడుకు తొమ్మిదిలో చేరి రెండు నెలలు కాకుండానే తండ్రి వెనకాలే వెళ్లిపోయాడు, బోటులో వంట పని. అక్క మాత్రం శ్రీకాకుళంలో ఇంటర్ చదువుతోంది. తల్లిని అడిగితే "ఆడు పది పేసైనా ఇక్కడేటుంది బాబూ, ఎలాగూ బోటే కదా" అంది.

సమాజంలో ప్రతి భాగానికీ ఒక పని ఉంటుందనే థియరీ ఫంక్షనలిజం, అది మొదట బడి చేసే పని ఏంటని అడుగుతుంది. అమెరికన్ సోషియాలజిస్టు పార్సన్స్ 1959లో రాసిన వ్యాసం ప్రకారం ఇంట్లో పిల్లాడు ఎవరి కొడుకన్నది ముఖ్యం, బయట సమాజంలో ఏం సాధించాడన్నది ముఖ్యం, ఈ రెంటి మధ్య వంతెన బడి. మన కేసులో గుంటడు వంతెన సగంలోంచి వెనక్కొచ్చాడు, ఎందుకంటే తండ్రి తొమ్మిది నెలలు ఊళ్లో ఉండడు, హోంవర్క్ చూసేవాళ్లు లేరు, బడి నేర్పేదానికీ ఊళ్లో దొరికే పనికీ పొంతన లేదు. అంటే వ్యవస్థలో భాగాలు సరిగా అతకలేదన్నమాట. 1945లో ఇదే థియరీ వాళ్లు డేవిస్, మూర్ చెప్పినట్టు ముఖ్యమైన పనులకి సమర్థులు వెళ్లాలంటే ఎక్కువ ప్రతిఫలం ఉండాలి, దాన్ని ఇక్కడ పెడితే వీడు వడపోతలో పోయాడని తేలుతుంది. నాకు ఇది మింగుడు పడదు, పరీక్షే రాయనివాడి సమర్థత ఎవరు కొలిచారు?

సమాజాన్ని వర్గాల మధ్య పోరుగా చూసే కాన్‌ఫ్లిక్ట్ థియరీ ఆ ప్రశ్న వదిలేసి, వీడు మానేస్తే లాభం ఎవరికి అంటుంది. సీజన్‌కి ముందే బోటు ఓనరు ఇచ్చే అడ్వాన్సు ఇక్కడే కనిపిస్తుంది. ఇల్లు రిపేరుకో పెళ్లికో తండ్రి తీసుకున్నాడు, అది తీరాలంటే ఇంకో చెయ్యి కావాలి, ఓనరుకి చవగ్గా కూలీ దొరికాడు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే, ఎనిమిదో క్లాసు దాకానే, కాబట్టి చట్టం చెయ్యి వదిలిన చోటే బోటు పట్టుకుంది. ఈ వైపు ఆలోచించిన ఆర్థికవేత్తలు బౌల్స్, గింటిస్ 1976లో బడి క్రమశిక్షణ ఫ్యాక్టరీకి తగ్గట్టు తయారు చేస్తుందన్నారు గానీ మన గుంటడికి ఆ తయారీ కూడా అక్కర్లేకపోయింది, బోటు మీదే నేర్పేస్తారు. తల్లి మాట కూడా ఈ థియరీకి నిర్లక్ష్యంలా కాదు, చుట్టూ చూసి వేసుకున్న లెక్కలా వినిపిస్తుంది.

ఇప్పటిదాకా చూస్తే రెండోదే గెలిచినట్టుంది, కానీ అక్క సంగతో? అదే ఇల్లు, అదే అప్పు. ఆడపిల్లని బోటెక్కించుకోరు కాబట్టి ఆమె కూలీ ఎవరికీ అక్కర్లేదు అని కాన్‌ఫ్లిక్ట్ థియరీ సగం చెప్పగలదు. మరి పెళ్లి చేసెయ్యకుండా కాలేజీకి ఎందుకు పంపారు? ఇక్కడ ఫంక్షనలిజం పనికొస్తుంది, కుటుంబం పాత్రలు పంచుకుంది, కొడుకు సంపాదన, కూతురు చదువు. అయితే ఆ పంపకంలో గుంటణ్ణి ఎవరూ అడగలేదు, అది మాత్రం పార్సన్స్ చూపులో పడదు.