టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ పని: మీ కొటేషన్ విషయంలో మా సంఘం నిర్ణయం

కాంట్రాక్టర్ గారికి,

నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ కోసం ఈ నెల 6న మీరిచ్చిన కొటేషన్ గురించి రాస్తున్నాను. నిన్న సాయంత్రం కమిటీ కూర్చుని నిర్ణయం తీసుకుంది. ఈ పని ఇంకొకరికి ఇస్తున్నాం. వర్క్ ఆర్డర్ మీద ఈ ఉదయమే సంతకాలు కూడా అయిపోయాయి. వేరేవాళ్ల ద్వారా మీ చెవిన పడకముందే నేనే చెప్పాలని ఈరోజే రాస్తున్నాను. మా పని కోసం మనుషుల్ని ఆపి ఉంచుకుంటే, దయచేసి వాళ్లను వేరే సైట్‌కి పంపుకోండి.

రాలేదన్న మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎందుకు రాలేదో కూడా మీకు తెలియాలి. మీరు ఊరికే మెట్లెక్కి వచ్చి, చుట్టూ చూసి, ఒక అంకె రాసి ఇచ్చిన మనిషి కాదు. పిట్టగోడ స్లాబుని కలిసే చోట చుట్టూతా సందు విడిందని మొదట చూపించింది మీరే. నీళ్ల ట్యాంకు పక్కన పాత పొరను చిన్న గుంటగా కొట్టించి, కింద తడి ఎంత లోతు వరకూ దిగిందో మా ఇద్దరు సభ్యులకు కళ్లారా చూపించారు. కొటేషన్‌లో ఎన్ని పూతలు వేస్తారన్నదే కాకుండా, ఆరిన తర్వాత పొర మందం ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో కూడా రాశారు. కొటేషన్ ఇచ్చిన మిగతా ఇద్దరు కాంట్రాక్టర్లను ఆ మందం అడిగి రాయించుకోవాల్సి వచ్చింది. మూడు పూతలు అని రాసి పల్చగా లాగేసినా లెక్కకు మూడు పూతలే కదా, అందుకని.

మూడు కొటేషన్లనూ వచ్చినవి వచ్చినట్టు పక్కపక్కన పెట్టలేదు. ఒకరు చెత్త దింపే ఖర్చు కలిపారు, ఒకరు కలపలేదు. ఒకరు పైపులు స్లాబులోంచి దిగే చోట్ల చేసే పనిని విడిగా రాశారు, ఇంకొకరు అసలు ఆ ఊసే ఎత్తలేదు. పన్నులు కలిపారా లేదా అన్నదీ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. అందుకే ముగ్గురినీ ఒకే పట్టిక మీదికి తెచ్చి, లేనివి అడిగి చేర్పించి, ఆ తర్వాతే మొత్తాలు పోల్చాం. పిట్టగోడ సందు సంగతి మీ వల్లే మాకు తెలిసింది కాబట్టి, ఆ పని మీ లెక్కలో ఉందా అని మిగతా ఇద్దరినీ అడిగాం. ఎవరు చెప్పారన్నది వాళ్లకు చెప్పలేదు. మీరు గీసి ఇచ్చిన స్కెచ్, మీ రేట్లు కమిటీ దాటి ఎవరి చేతికీ వెళ్లలేదు. అదే పద్ధతి ప్రకారం వాళ్ల పేర్లు, రేట్లు మీకు చెప్పడం కుదరదు. మీరు ఏమీ అనుకోరని నమ్ముతున్నాను.

ఇక కారణాలు. అన్నిటికన్నా పెద్దది పని చేసే పద్ధతి. పాత పొర మొత్తం స్లాబు దాకా కొట్టేసి, వాటం కొత్తగా కట్టి, దాని మీద కోటింగ్ వేయాలని మీరన్నారు. సాంకేతికంగా అది తప్పని మాలో ఎవరూ అనలేదు. లోపల తడి ఉండగా పైన కోటింగ్ వేస్తే ఎండకు ఆ తడి ఆవిరై పొరను బుడగల్లా లేపుతుందని మీరు చెప్పిన మాట కమిటీలో అందరికీ గుర్తుంది. కానీ టెర్రస్ అంతా కొట్టాలంటే మీ లెక్క ప్రకారమే ఐదు వారాల పని. పై అంతస్తులో మంచం దిగలేని పెద్దావిడ ఒకరున్నారు, పసిబిడ్డ ఉన్న ఇల్లు ఇంకొకటి. రోజంతా తలమీద బ్రేకర్ మోగుతుంటే వాళ్లు తట్టుకోలేరు. ఐదు వారాల్లో మధ్యలో నాలుగు రోజులు వాన పట్టిందంటే పై పొర లేని స్లాబు మీద నీళ్లు నిలుస్తాయి. ఆ టెన్షన్ కూడా ఉంది.

మేము ఎంచుకున్న కొటేషన్‌లో సుత్తితో తట్టి చూసి, డొల్లగా మోగిన చోట, తడి ఉన్న చోట మాత్రమే పాత పొర తీస్తారు. గట్టిగా ఉన్న భాగాన్ని ఉంచి, వాటం సరిచేసి, ఆరనిచ్చి, దాని మీద కోటింగ్ వేస్తారు. మూడు వారాల్లో అయిపోతుంది. ఇందులో కొంత రిస్క్ ఉందని మాకు తెలుసు. అందుకే కోటింగ్‌కి ముందు తేమ కొలవాలని, పని అయ్యాక నీళ్లు కట్టి 72 గంటలు నిలబెట్టి చూడాలని, అప్పటిదాకా చివరి వాయిదా ఇవ్వబోమని షరతు పెట్టుకున్నాం. మీరైతే ఈ రాజీకి ఒప్పుకునేవారు కాదేమో. మీ పని మీద మీకున్న పట్టుదల చూస్తే నాకలాగే అనిపించింది.

రెండోది అడ్వాన్స్. మా సంఘం నియమాల ప్రకారం 20 శాతం మించి ముందుగా ఇవ్వడానికి లేదు. కొటేషన్లు అడుగుతూ ఇచ్చిన కాగితంలోనూ ఆ మాట రాశాం. మీరు 50 శాతం అడిగారు. సరుకు ముందే కొనాలి, కంపెనీవాళ్లు అప్పు ఇవ్వరు అని మీరు ఫోన్‌లో చెప్పింది నిజమేనని నాకు తెలుసు. అయినా ఎవరికైనా ఒకటే నియమం కాబట్టి సడలించలేకపోయాం. దీనికి ఒక దారి మాత్రం ఉంది: సరుకు సైట్‌లో దిగాక, మూత తీయని డబ్బాలు లెక్కపెట్టుకుని, బిల్లు చూసి దానికి సరిపడా డబ్బు అప్పుడే ఇచ్చే పద్ధతి. ఇంతకుముందు లిఫ్ట్ పనికి అలాగే చేశాం. అడ్వాన్స్ కాదు కాబట్టి నియమం అడ్డురాదు. ఇకమీదట మాకు కొటేషన్ ఇస్తే చెల్లింపుల దగ్గర ఈ పద్ధతే రాయండి. మీ డబ్బు ఇరుక్కోదు, మాకూ ఇబ్బంది ఉండదు.

మూడోది ధర. ధర చూడలేదని అంటే అబద్ధమవుతుంది. అన్నీ ఒకే పట్టికలోకి తెచ్చాక మీ మొత్తం, మేము ఎంచుకున్న దానికన్నా సుమారు 11 శాతం ఎక్కువ వచ్చింది. మొత్తం కొట్టి, చెత్త దింపి, వాటం కొత్తగా కట్టడానికి ఆ మాత్రం తేడా రావడం న్యాయమే. మీ రేటు ఎక్కువని ఎవరూ అనలేదు, ఇప్పుడు మాకు అంత పని అక్కర్లేదనుకున్నాం అంతే. అలాగని అన్నిటికన్నా తక్కువ వేసినవాళ్లకూ ఇవ్వలేదు. ఆ కొటేషన్‌లో కంపెనీ ఇచ్చే సరుకు వారంటీ ఉంది గానీ, పని నాణ్యతకు వాళ్ల సొంత హామీ లేదు. లీకైతే సరుకు మంచిది కాదని కాంట్రాక్టరు, వేసిన తీరు సరిగా లేదని కంపెనీవాళ్లు చెప్పుకుంటూ పోతే మధ్యలో మిగిలేది మేమే.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు. పని ఎవరికివ్వాలో ముందే అనుకుని, మూడు కొటేషన్లు ఉండాలన్న లెక్క కోసం కాంట్రాక్టర్లను తిప్పే సంఘాలు ఉంటాయి. మీలాంటివాళ్లు అలా ఎన్నిసార్లు విసిగిపోయి ఉంటారో నేను ఊహించగలను. మా దగ్గర అలా జరగలేదు. ఐదుగురు సభ్యుల్లో ఇద్దరు చివరి వరకూ మీకే ఇవ్వాలన్నారు. చర్చ చాలాసేపు సాగి ఓటు దాకా వెళ్లింది. కొద్దిలో తప్పింది తప్ప మీరు లెక్కకు పిలిచిన మూడోవారు కారు.

ధర తగ్గిస్తే ఆలోచిస్తారా అని అడగాలనిపించవచ్చు. వద్దండీ. నిర్ణయం అయిపోయింది. సంతకం పెట్టాక ఒకరి రేటు చూపించి ఇంకొకరిని తగ్గించమనడం మాకు ఇష్టం లేదు. రేపు మీకు పని ఇచ్చినప్పుడు కూడా మీ వెనక అలా బేరం జరగదు.

వచ్చే ఏడాది రెండు పనులు అనుకుంటున్నాం. ఒకటి కింద నీళ్ల సంపు లోపలి వాటర్‌ప్రూఫింగ్, రెండోది బయటి గోడల పగుళ్లు పూడ్చి రంగులు వేయించడం. రెండింటికీ ఇంకా డబ్బు మంజూరు కాలేదు. కాబట్టి పని మీకే అని ఇప్పుడు మాట ఇవ్వలేను. కానీ కొటేషన్లు పిలిచిన రోజున మీకు కబురు వస్తుంది. అప్పటికి నేను ఈ బాధ్యతలో ఉండకపోయినా మీ పేరు సంఘం ఫైల్లో ఉంటుంది, మీరు పనిని ఎంత శ్రద్ధగా పరిశీలించారో కూడా అందులో రాసి పెట్టాను. ఈసారి కొలతలు మేమే తీయించి ఒకే పట్టిక అందరికీ పంపుతాం. మీరు టేపు పట్టుకుని సగం పూట గడపనక్కర్లేదు. సంపు పనిలో మీరు చెప్పినట్టు మొత్తం కొట్టి మొదట్నుంచి చేయడమే సరైనదని నా సొంత అభిప్రాయం. తాగేనీళ్లుండే చోట అతుకుల పని వద్దు. కమిటీ అభిప్రాయం మాత్రం ఇంకా తెలియదు.

చివరగా రెండు చిన్న విషయాలు. ఆ గుంట కొట్టించిన రోజు మీవాళ్లు ఇద్దరు పొద్దున్నుంచి పనిలో ఉన్నారు. మళ్లీ పూడ్చిందీ వాళ్లే. కొటేషన్‌కి మామూలుగా చేసే పరిశీలన కన్నా అది ఎక్కువ, మేము అడిగాం కాబట్టే చేశారు. వాళ్ల కూలీకి, పూడ్చడానికి వాడిన సరుకుకి బిల్లు పంపండి. కమిటీ ఆమోదించింది, బిల్లు అందిన వారంలోగా డబ్బు వేస్తాం. మొహమాటపడకండి. మీరు వదిలి వెళ్లిన కోటింగ్ నమూనా పలకలు నాలుగు, వారంటీ పుస్తకం, స్కెచ్ అసలు ప్రతి వాచ్‌మన్ గదిలో కవర్లో పెట్టి ఉంచాను. ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాడు. లేదంటే మీ ఆఫీసుకి నేనే పంపిస్తాను.

మా నిర్ణయం మీద ఏదైనా అడగాలనిపిస్తే సాయంత్రం ఆరు తర్వాత నాకు ఫోన్ చేయండి. మీ శ్రమ, సమయం మా కోసం వెచ్చించినందుకు కమిటీ అందరి తరఫునా ధన్యవాదాలు.

ఇట్లు,
కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం