చాట కింద ఏముందే సుజాతా

(డప్పు మెల్లగ, ముందు మాట)
ఇది కోరుట్ల పక్కన ఒక ఊర్ల లచ్చవ్వ కత, పెనిమిటి దుబాయ్ వోయి నాలుగేండ్లాయె, ఇంట్ల అవ్వా బిడ్డా ఇద్దరే, ఇద్దరి ఒళ్లె రెండు చాటలు, రోజుకు వెయ్యి బీడీలు చెయ్యాలె, పాతిక్కొక కట్ట అంటే 40 కట్టలు, అండ్ల బిడ్డ వంతు 12, బిడ్డేమో పదో తరగతి.

పల్లవి
అవ్వ: చాట కింద ఏముందే సుజాతా
వంగి వంగి చూస్తవేందె సుజాతా
బిడ్డ: ఆకు తడి ఆరిందేమొ చూస్తున్ననే అవ్వా
దారపుండ జారిందేమొ చూస్తున్ననే అవ్వా

చరణం
రాత్రి నీళ్లు జల్లినాము తునికాకు
తెల్లారి మెత్తగైంది తునికాకు
అచ్చు వెట్టి కత్తిరించి తంబాకు వోసి
చుట్టి దారమేసి మూతి మలిసి పెడితె
ఒక్కటాయెనే అవ్వా ఒక్క బీడీ
ఇంక తొమ్మిదొందల తొంభైతొమ్మిది బాకీ
॥చాట కింద॥

(మాట, డప్పు ఆగాలె)
లచ్చవ్వను చూడచ్చిననాడు అత్త ఒక్కటే అడిగింది, పిల్లకు బీడీలు వస్తయా అని, వస్తయన్నా నమ్మక చాట ముందట వెట్టి చేపిచ్చుకున్నది, అప్పుడు లచ్చవ్వ ఏడో తరగతి, బడి సంచి ఇంకా గోడకే ఉన్నది.

చరణం
కండ్లు చూడలేదె అత్త కాళ్లు చూడలేదె
నా వేళ్లు చూసి ఖాయం చేసెనే సుజాతా
పది బీడీలు చేసేసరికి పసుపు దంచిరే
పొద్దుగూకేసరికి ముహూర్తం వెట్టిరే
॥చాట కింద॥

(మాట)
ఒకనాటి రాత్రి బిడ్డ నిద్రవోయినంక లచ్చవ్వ ఆ చాట లేపింది, కింద లెక్కల పుస్తకం, పేజీల నడుమ తంబాకు పొడి, ఎక్కడిదాక చదివిందో గుర్తుకు బీడీ దారం ముక్క, ఆ పేజీ అంచుకు పెన్సిల్‌తోని రాసి ఉన్నది, ఏడు కట్టలైనయి ఐదున్నయి అని, లచ్చవ్వ వేలు వెట్టి కూడబలుక్కుంట చదివింది, రెండుసార్లు చదివింది.

చరణం (గొంతు తగ్గించి, డప్పు లేకుండ)
దీపమార్పలేదు లచ్చవ్వ ఆ రాత్రి
ఐదు కట్టలు కట్టి పెట్టె ఆ రాత్రి
దారం ముక్క జరగకుండ పుస్తకం మూసి
చాట మళ్ల అట్లనే బోర్లించె ఆ రాత్రి

చివరి పల్లవి
బిడ్డ: నా కత్తెర ఏదె అవ్వా, నా కత్తెర ఏదె
చాటల లేదె అవ్వా, చూరుల లేదె
అవ్వ: ఏడ పడ్డదో బిడ్డా, నేనెరుగనే
బస్సొచ్చె యాళ్లాయె, జడేస్త రాయె

(డప్పు అందుకోవాలె, అవ్వ ఒక్కతే జనం దిక్కు తిరిగి)
బియ్యం గోలెం అడుగున ఉందె కత్తెరా
పరీచ్చలయ్యేదాక పండనియ్యె కత్తెరా
నలభై కట్టలు నావేనే కత్తెరా
నా బిడ్డడిగితె పలుకకే కత్తెరా