మొదటి రోజు తరగతి: ముందు ఊపిరి సంగతి

నమస్కారమండీ. అందరూ సర్దుకున్నారా? కింద కూర్చోలేనివాళ్ళు మొహమాటపడకండి, గోడ దగ్గర కుర్చీలున్నాయి, లాక్కోండి. పద్మాసనం వేస్తేనే ప్రాణాయామం అనేమీ లేదు. నడుము నిటారుగా ఉంటే చాలు. మోకాలు సలుపుతుంటే ధ్యాసంతా మోకాలి మీదే ఉంటుంది, ఊపిరి మీద ఉండదు.

బెల్టు పెట్టుకున్నవాళ్ళు ఒక బొక్క వదులు చేయండి. చీరలు కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త సడలించుకోండి. ఎందుకో చెప్తాను. ఒక చెయ్యి గుండె మీద, ఒకటి బొడ్డు మీద పెట్టుకుని మామూలుగా ఊపిరి తీయండి. ఏ చెయ్యి ఎక్కువ కదిలింది? పై చెయ్యేనా? చాలామందికి అంతే. "గట్టిగా పీల్చండి" అనగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పొట్ట లోపలికి పోతుంది. నిజానికి ఊపిరితిత్తుల కింద గొడుగులా ఒక కండరం ఉంటుంది, డయాఫ్రం అంటారు. పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది కాబట్టి పొట్ట కొంచెం ముందుకు రావాలి. బిగించి కట్టిన నడుము దాన్ని రానివ్వదు. పొట్ట కనిపిస్తుందని సిగ్గుపడకండి, ఇక్కడ ఫొటోలు తీసేవాళ్ళెవరూ లేరు.

ఈ వారమంతా మనం చేసేది ఇంతే. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, నాలుగు అంకెలు లెక్కపెడుతూ వదలడం. ఐదు నిమిషాలు. నాలుగు కష్టమైతే మూడే. నా లెక్క మీకు నిదానమనిపిస్తే మీ లెక్కలో మీరు చేయండి. బిగపట్టడం లేదు. కుంభకం, కపాలభాతి, భస్త్రిక ఇప్పుడు అడగొద్దు. టీవీలో చూసి ఇంట్లో మొదలుపెట్టొద్దు కూడా.

మీకు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక్కటే గుర్తు. ఊపిరి వదిలాక తర్వాతి ఊపిరి కోసం ఎగబీల్చాల్సి వస్తోందంటే లెక్క ఎక్కువైందన్నమాట. తగ్గించేయండి.

నేను నేర్చుకునే రోజుల్లో పక్కనున్న పెద్దాయనతో పోటీ పడ్డాను. ఆయన ఆపట్లేదు కదా అని నేనూ ఆపలేదు. వేళ్ళ చివరలు, పెదాలు జివ్వుమన్నాయి, తల తేలిపోయింది. శక్తి ప్రవహిస్తోందని మురిసిపోయాను! అది శక్తీ కాదు, కుండలినీ కాదు. అవసరానికి మించి గాలి ఆడిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అందుకే ఆ తిమ్మిర్లు. కాబట్టి తిమ్మిరి పట్టినా, కళ్ళు తిరిగినా, వికారం పుట్టినా లెక్క వదిలేసి మామూలు ఊపిరికి వచ్చేయండి. నన్ను అడగక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. కాసేపట్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం నన్ను పిలవండి.

ఛాతీలో నొప్పి లేదా బిగుతు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, మాట పూర్తి చేయలేనంత ఆయాసం, ఇవి వస్తే మాత్రం కాసేపు చూద్దాం అనేదేమీ లేదు. 108కి ఫోన్ చేయడమే.

ఆవలింతలు వస్తాయి, పొట్ట గుడగుడలాడుతుంది, కునుకు పడుతుంది. ఏం పర్లేదు. ఒక ముక్కులోనే గాలి బాగా ఆడుతున్నట్టుంటే కంగారుపడకండి, చాలామందికి కొన్ని గంటలకోసారి పక్క మారుతుంటుంది. జలుబుతో రెండూ దిబ్బడేస్తే ఆ రోజు ఊరికే కూర్చోండి. కొందరికి ఊపిరిని గమనించడం మొదలుపెట్టగానే గుండె దడ, ఆదుర్దా పెరుగుతాయి. అలాంటప్పుడు కళ్ళు తెరిచి కిటికీలోంచి ఆ వేపచెట్టును చూడండి, అరికాళ్ళు నేలకి తగులుతున్నాయో లేదో చూసుకోండి. కళ్ళు మూసుకుని తీరాలని నేనెప్పుడూ అనను.

బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, కంటి గ్లాకోమా ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు తరగతి అయ్యాక నాతో విడిగా ఒక మాట చెప్పండి. మీ డాక్టరుగారిని కూడా అడగండి. ఇన్‌హేలర్ వాడేవాళ్ళు దాన్ని బ్యాగులో అడుగున కాకుండా పక్కనే పెట్టుకోండి. ప్రాణాయామం మొదలుపెట్టాం కదా అని బీపీ మాత్రలు మానేసేవాళ్ళుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. నేను యోగా టీచర్ని, డాక్టర్ని కాను.

రేపటి నుంచి ఖాళీ కడుపుతో రండి. ఇడ్లీ తినేసి వస్తే రెండు మూడు గంటలు ఆగాలి. గుక్కెడు నీళ్ళు తాగొచ్చు.

సరే, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. దవడ వదులు చేయండి, పళ్ళు ఒకదానికొకటి ఆనకూడదు. పీల్చండి... ఒకటి, రెండు, మూడు. వదలండి... ఒకటి, రెండు... వెనక వరసలో బాబాయిగారూ, భుజాలు దించండి. ఆఁ, అంతే.