తమ్ముడి హాస్టల్ గోడకు కొన్ని మాటలు

జర్మనీలో చలి మొదలైనప్పటి నుంచి నీ గొంతు డల్‌గా ఉందిరా. ఫోన్‌లో ఏం చెప్పినా "సరేలే అక్కా" అని పెట్టేస్తావు. అందుకే రాసి పంపుతున్నా. కొన్ని పెద్దలనేవి, కొన్ని నేను అల్లినవి. నచ్చినవి మంచం పక్కన అంటించుకో.

ఏడుపొస్తే ఏడువు. కడుపు మాడ్చుకుని మాత్రం ఏడవద్దు. (ఇది జేజి మాట. ఆమెకు ఏ కష్టానికైనా మొదటి మందు అన్నమే.)

సాయంత్రం నాలుగింటికే చీకటి పడితే అది సూర్యుడి లెక్క, నీ తలరాత కాదు. డిసెంబర్ 22 దాటనీ, పొద్దు మళ్లీ పెరుగుతుంది. అందాకా క్లాసు లేని పగటి గంట దొరికితే గదిలో కూర్చోకు, బయటికి పో.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పక్క గది పిల్లోడికి నీ మనసు ఎట్లా తెలుస్తుంది? "టీ తాగుదామా" అని నువ్వే తలుపు కొట్టు.

చేయి తిరిగేదాకా సంగటి కుదరదు, కొత్త ఊరూ అంతే. బియ్యం బాగా మెత్తబడనియ్యి. పైన రాగిపిండి పోసి, మూతపెట్టి, సన్న సెగ మీద మగ్గనియ్యి. దించి కట్టెతో గట్టిగా గెలుకు. ఉండలు కట్టిందా? కట్టనీ. శనిక్కాయల ఊరిబిండి నంజుకుంటే ఏ ఉండా తెలీదు. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు. పొగ అలారం మోగిందంటే హాస్టలంతా చలిలో బయట నిలబడాలి. అప్పుడు పరిచయాలు మాత్రం బాగానే అవుతాయిలే!

దూరపు కొండలు నునుపు. ఇక్కడున్నప్పుడు నీకు జర్మనీ నునుపు, ఇప్పుడు అనంతపురం నునుపు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఒకటి గుర్తు తెచ్చుకో, సగం బెంగ అక్కడే దిగుతుంది.

"డబ్బులున్నాయా" అని నాయన అడిగితే "తిన్నావా" అని వినుకో. ఆయనకు అంతకంటే మాట రాదు.

ఫోన్ చేసేముందు గడియారం చూడు. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. నీకు రాత్రి ఎనిమిదైతే అమ్మకు పన్నెండున్నర. వద్దన్నా మేలుకునే ఉంటుంది, పొద్దున్నే మోకాళ్ల నొప్పులంటుంది. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో చెయ్యి.

వారాల తరబడి నిద్ర పట్టక, ముద్ద దిగకపోతే దాన్ని ఒట్టి బెంగ అనుకోవద్దు. యూనివర్సిటీలో కౌన్సెలర్ దగ్గరికి పో. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి పోవడానికి నామోషీ పడతామా?

ఆదివారం దిగులుకు శనివారం సామాను మందు. అక్కడ ఆదివారం అంగళ్లు దాదాపు అన్నీ మూస్తారని నువ్వే చెప్పావు కదా. పాలు, పెరుగు, ఎర్రగడ్డలు ముందు రోజే తెచ్చిపెట్టుకో.